ప్లస్ సైజు దుస్తులు ఆన్‌లైన్‌లో కొనే ముందు: సైజు అంకెలు, సాగే గుడ్డలు, సరైన కొలతలు

దుస్తుల మీద ఉండే 2X, 20W, XXL వంటి గుర్తులు శరీర కొలతలు కావు. తయారీదారు తన లెక్క ప్రకారం పెట్టుకున్న పేర్లు మాత్రమే. చిన్న సైజుల్లో ఈ తేడా అంతగా ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే అక్కడ ఒక సైజుకూ మరో సైజుకూ మధ్య దూరం తక్కువ, శరీరాల ఆకృతిలో వైవిధ్యమూ తక్కువే. ప్లస్ సైజుల్లో మాత్రం ఒకే ఛాతీ కొలత ఉన్న ముగ్గురు స్త్రీలలో ఒకరికి బరువు పొట్ట దగ్గర, మరొకరికి తొడల దగ్గర, ఇంకొకరికైతే జబ్బల దగ్గర ఉండవచ్చు. అందువల్ల ఒకే అంకె ఆ ముగ్గురికీ సరిపోవడం దాదాపు అసాధ్యం. ఆర్డరు చేసే ముందు మన కొలతలు ఎలా తీసుకోవాలో, సైజు చార్టును ఎలా చదవాలో, గుడ్డ సాగే గుణాన్ని లెక్కలోకి ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ స్త్రీల దుస్తుల ఆధారంగా వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: అంకె ఏ శ్రేణికి చెందినదో గుర్తించడం

XXL, 2X అనే రెండు గుర్తులూ ఒకటే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. దుస్తుల తయారీలో ముందుగా ఒక సైజుకు నమూనా కత్తిరించి, దానిని ఒక మనిషికి తొడిగి సరిచూసి, ఆ తర్వాత ఆ నమూనానే కొంత కొంత పెంచుతూ, తగ్గిస్తూ మిగతా సైజులు తయారుచేస్తారు. దీనినే గ్రేడింగ్ అంటారు. XXL సాధారణంగా మామూలు శ్రేణిలోని చిన్న నమూనాను పెంచుకుంటూ పోగా వచ్చిన చివరి సైజు. 2X ప్లస్ శ్రేణికి ప్రత్యేకంగా గీసిన నమూనా నుంచి వచ్చినది. చిన్న నమూనాను ఎంతో దూరం పెంచితే భుజాలు, మెడ అవసరానికి మించి వెడల్పవుతాయి, జబ్బ దగ్గరా పొట్ట దగ్గరా మాత్రం చోటు చాలదు. మనిషి లావైనంత మాత్రాన భుజం ఎముకలు అదే నిష్పత్తిలో వెడల్పు కావు కదా. ప్లస్ నమూనా గీసేవారు ఈ సంగతిని దృష్టిలో పెట్టుకొని భుజాన్ని అంతగా పెంచకుండా, ఛాతీ, నడుము, చేతి చుట్టూ ఎక్కువ గుడ్డ వదులుతారు. అమెరికా పద్ధతిలో 16కూ 16Wకూ మధ్య ఉన్న తేడా కూడా ఇదే. అక్షరం ఒక్కటే ఎక్కువైనా కత్తిరింపు వేరు.

ఈ అంకెలకు అందరూ కట్టుబడవలసిన ప్రమాణం ఏదీ లేదు. అమెరికా ప్రభుత్వం దాదాపు 15,000 మంది స్త్రీల కొలతలు తీయించి 1941లో ఆ వివరాలు ప్రచురించింది. వాటి ఆధారంగా 1958లో ఒక వాణిజ్య ప్రమాణం వచ్చింది. అది కూడా 1983లో రద్దయింది. అప్పటి నుంచి ప్రతి బ్రాండూ తన అంకెలను తానే నిర్ణయించుకుంటోంది. కొనేవారికి చిన్న అంకె సంతోషం కలిగిస్తుందన్న ఆలోచనతో అదే కొలతకు అంకెను తగ్గించుకుంటూ వచ్చిన బ్రాండ్లూ ఉన్నాయి. శరీర కొలతలు ఎక్కడ, ఎలా తీయాలో చెప్పే ఐఎస్ఓ 8559 వంటి అంతర్జాతీయ ప్రమాణం ఉంది గానీ, ఫలానా కొలతకు ఫలానా అంకె పెట్టి తీరాలని అది ఎవరినీ నిర్బంధించదు.

దేశం మారితే అంకె కూడా మారుతుంది. స్థూలంగా చెప్పాలంటే అమెరికా అంకెకు నాలుగు కలిపితే బ్రిటన్ అంకె వస్తుంది. అమెరికా 14 బ్రిటన్‌లో 18 అవుతుంది. యూరప్ సైజు అని రాసి ఉన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఒకే శరీరానికి జర్మనీ అంకె కంటే ఫ్రాన్స్ అంకె రెండు ఎక్కువగా, ఇటలీ అంకె ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుచేత 48 అన్న అంకె కనిపించినప్పుడు అది ఏ దేశపు 48 అన్నది తెలియకుండా ముందుకు పోకూడదు.

అక్షరాల సైజులకు మరో చిక్కు ఉంది. 1X, 2X, 3X అనేవి ఒక్కొక్కటీ సాధారణంగా రెండు అంకెల సైజులను కలిపి కప్పుతాయి. అంటే ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు చుట్టుకొలతలో సుమారు 10 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. పైగా 2X అంటే ఒక చోట 18W, 20W కలిపినది, మరొక చోట 20W, 22W కలిపినది కావచ్చు. అందువల్ల బొత్తాలతో, జిప్పుతో శరీరానికి అంటిపెట్టుకొని ఉండే దుస్తులకు అంకెల సైజులున్న బ్రాండ్లనే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. వదులుగా వేలాడే దుస్తులకైతే అక్షరాలు చాలు.

రెండవ అడుగు: టేపును సరిచూసుకోవడం

దర్జీలు వాడే మామూలు టేపు 150 సెంటీమీటర్లు ఉంటుంది. తుంటి కొలత 135 దాటినవారికి ఈ టేపు చివరలు పట్టుకోవడానికే సరిపోక, తెలియకుండానే టేపును లాగి పట్టుకుంటారు, దాంతో కొలత తగ్గి వస్తుంది. 200 లేదా 300 సెంటీమీటర్ల మెత్తని టేపు దొరుకుతుంది కనుక అదే తెచ్చుకోవాలి. అది అందుబాటులో లేనప్పుడు సాగని రిబ్బనును చుట్టి, కలిసిన చోట పిన్ను గుచ్చి, తర్వాత దానిని బల్ల మీద చాపి కొలవవచ్చు. ఊలు దారం, ఎలాస్టిక్ పనికిరావు. చాలా కాలం వాడిన టేపు సాగిపోయి ఉండవచ్చు కాబట్టి దాని మొదటి 30 సెంటీమీటర్లను ఒక స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. అక్కడే 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే, 120 సెంటీమీటర్ల చుట్టుకొలతకు వచ్చేసరికి అది 1.2 సెంటీమీటర్లు అవుతుంది.

ఆ దుస్తుల కింద ఏ లోదుస్తులు వేసుకోబోతున్నారో అవే వేసుకొని కొలవాలి. బ్రా మారితే ఛాతీ కొలతే కాదు, ఛాతీ ఎత్తైన చోటు కూడా మారుతుంది. పైన పల్చటి, ఒంటికి అంటుకునే బట్ట తప్ప మరేదీ ఉండకూడదు. నిలువుటద్దం ముందు నిలబడి, ఒకసారి పక్కకు తిరిగి టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. వీపు వైపు టేపు జారిపోవడం మనకు కనబడదు కనుక మరొకరు సాయం చేస్తే మంచిది. ఊపిరి మామూలుగా తీసి వదులుతూ, వదిలిన తర్వాత అంకె చదవాలి. టేపు కండను నొక్కకూడదు, వదులుగా జారకూడదు. టేపు కింద ఒక వేలు దూరగలిగితే సరిగ్గా ఉన్నట్టు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి, రెండింటికీ మధ్య ఒక సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి తీయండి.

మూడవ అడుగు: కొలతలు, వాటిలో చాలామంది వదిలేసేవి

ఛాతీ కొలతలు రెండు తీయాలి. ఒకటి చంకల కిందుగా, రొమ్ముల పైభాగం మీదుగా వెళ్లే పై ఛాతీ కొలత. రెండవది రొమ్ములు ఎత్తుగా ఉన్న చోట తీసే పూర్తి ఛాతీ కొలత. చార్టులో ఉండేది రెండవదే. అయితే భుజాలు, మెడ ఏ సైజుకు సరిపోతాయో మొదటిదే సూచిస్తుంది. రెండింటి మధ్య 10 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవారికి పూర్తి ఛాతీ ప్రకారం కొన్న దుస్తుల భుజాలు జారిపోతుంటాయి. అది వారి శరీరం తప్పూ కాదు, చార్టు తప్పూ కాదు. అలాంటివారు భుజం కుట్టు జబ్బ మీదికి జారినా ఇబ్బంది లేని కత్తిరింపును ఎంచుకోవాలి, లేదా సాగే గుడ్డలో ఒక సైజు తగ్గించుకోవాలి.

నడుము ఎక్కడుందో కనిపించనప్పుడు ఒక సన్నని ఎలాస్టిక్‌ను పొట్ట చుట్టూ కట్టుకొని, అటూ ఇటూ నాలుగైదుసార్లు పక్కకు వంగండి. అది తనంతట తాను స్థిరపడిన చోటే నడుము. అక్కడి కొలత ఒకటి తీసుకొని, పొట్ట అన్నిటికంటే ముందుకు వచ్చిన చోట మరొకటి తీసుకోవాలి. ప్యాంట్లు, స్కర్టులు చాలావరకు అసలు నడుము కంటే కిందుగా కూర్చుంటాయి. అందువల్ల చార్టులోని నడుము కొలతతో సరిపోల్చి కొన్న ప్యాంటు పొట్ట దగ్గర బిగుసుకుపోవడానికి కారణం ఈ రెండవ కొలత తీయకపోవడమే.

తుంటి కొలతను పిరుదులు ఎత్తుగా ఉన్న చోట తీయమని చాలా చార్టులు చెబుతాయి. ప్లస్ శరీరాల్లో అన్నిటికంటే వెడల్పైన చోటు కొందరికి కింది పొట్ట దగ్గర, మరికొందరికి తొడల పైభాగంలో ఉంటుంది. టేపును మెల్లగా పైకీ కిందికీ జరుపుతూ ఎక్కడ పెద్ద అంకె వస్తుందో చూసి దానినే రాసుకోవాలి. ఆ తర్వాత గట్టి కుర్చీలో కూర్చొని మళ్లీ కొలవాలి. కూర్చున్నప్పుడు కండ పక్కలకు పరుచుకొని తుంటి కొలత కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. చార్టులు ఈ అంకెను అడగవు గానీ, నిలబడినప్పుడు బాగున్న స్కర్టు కూర్చోగానే ఎందుకు పట్టేస్తుందో చెప్పేది ఇదే.

ఇక జబ్బ. నా దృష్టిలో పైభాగపు దుస్తుల్లో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే, చార్టుల్లో అన్నిటికంటే తక్కువగా కనిపించేదీ ఇదే. చేతిని వేలాడదీసి, చంకకు కొద్దిగా కిందుగా లావైన చోట ఒకసారి, మోచేయి మడిచి మరోసారి కొలిచి, పెద్ద అంకెను తీసుకోవాలి. రెండు చేతులూ కొలవాలి, ఎందుకంటే ఎక్కువగా వాడే చేయి తరచు లావుగా ఉంటుంది. నడుము దగ్గర బిగిసిన చొక్కాను బొత్తాలు విప్పుకొని పైన వేసుకోవచ్చు గానీ, జబ్బ దగ్గర ఎక్కని చొక్కాను అసలు తొడుక్కోలేము.

ప్యాంట్ల కోసం తొడ లావైన చోట ఒక కొలతా, ముందు నడుము నుంచి కాళ్ల మధ్యగా వెనుక నడుము వరకు మరో కొలతా కావాలి. రైజు అంటే ప్యాంటు నడుము పట్టీ నుంచి కాళ్ల మధ్య కుట్టు వరకు ఉండే పొడవు. వస్త్రం కొలతల్లో ముందు రైజు, వెనుక రైజు విడివిడిగా ఇస్తే వాటిని కలిపి ఈ రెండవ కొలతతో పోల్చవచ్చు. అయితే ప్యాంటు ఎంత కిందుగా కూర్చుంటుందో ఆ మేరకు ముందూ వెనుకా తగ్గించుకోవాలి. పైదుస్తులకు మెడ పక్కన భుజం నుంచి రొమ్ము, పొట్ట మీదుగా అంచు వరకు ముందు పొడవును కొలవండి. వీపు వైపు పొడవు కంటే ఇది ఎక్కువ వస్తుంది. వివరాల్లో ఒకే పొడవు రాసి ఉంటే అది సాధారణంగా వీపు వైపుది. ముందు అంచు పైకి లేచిపోవడానికి కారణం అక్కడే ఉంది.

నాలుగవ అడుగు: చార్టు శరీరానిదా, వస్త్రానిదా?

సైజు చార్టులు రెండు రకాలు. ఒకటి ఏ కొలతల శరీరానికి ఆ సైజు ఉద్దేశించారో చెబుతుంది. మరొకటి కుట్టిన వస్త్రాన్ని పరచి కొలిస్తే ఎంత ఉందో చెబుతుంది. ఈ రెండింటినీ కలగలిపి చదివితే ఒకటి రెండు సైజులు తప్పిపోతాయి. చార్టులో భుజం వెడల్పు, చేతి పొడవు, వస్త్రం పొడవు వంటివి ఉంటే అది చాలావరకు వస్త్రం కొలత. ప్లస్ సైజు ఎదురుగా ఛాతీ 58, 60 సెంటీమీటర్లని ఉంటే అది పరచిన వస్త్రపు సగం కొలత కనుక రెట్టింపు చేయాలి. ఛాతీ, నడుము, తుంటి అనే మూడే వరుసలుండి, ఒక్కో దానికి 117 నుంచి 122 అన్నట్టు హద్దులు ఇచ్చి ఉంటే అది శరీరపు కొలత. అర్థం కానప్పుడు అమ్మేవారిని అడగడం తప్ప మార్గం లేదు. అడిగేటప్పుడు ఈ సైజు నాకు సరిపోతుందా అని కాకుండా, ఈ సైజు వస్త్రాన్ని పరచినప్పుడు చంక కింద ఎంత వెడల్పుంది, చేతి పైభాగం ఎంత వెడల్పుంది అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

వస్త్రం కొలత నుంచి శరీరపు కొలత తీసివేస్తే మిగిలేదే వెసులుబాటు. సాగని నేత గుడ్డతో కుట్టిన చొక్కాకు ఛాతీ దగ్గర కనీసం 8 నుంచి 12 సెంటీమీటర్లు, జబ్బ దగ్గర 4 లేదా 5 సెంటీమీటర్లు, నిలబడి కొలిచిన తుంటి దగ్గర 8 సెంటీమీటర్ల పైన వెసులుబాటు ఉంటేనే చేయి ఎత్తడం, వంగడం, కూర్చోవడం సాధ్యమవుతుంది. ఇవి శాసనాలు కావు. వదులుగా ఇష్టపడేవారు పెంచుకోవచ్చు, తగ్గించుకోవడం మాత్రం కష్టం.

అయిదవ అడుగు: గుడ్డ ఎంత సాగుతుందో, ఎంత తిరిగి వస్తుందో

గుడ్డ సాగడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది అల్లిక. టీషర్టు గుడ్డలో దారాలు ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి కనుక, దారం తాను సాగకపోయినా ఉచ్చు వెడల్పవుతుంది. రెండవది దారంలోనే ఉండే ఎలాస్టేన్. దీనినే స్పాండెక్స్ అనీ, ఒక బ్రాండు పేరుతో లైక్రా అనీ అంటారు. డూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ 1958లో రూపొందించిన ఈ పోగు తన పొడవుకు ఎన్నో రెట్లు సాగి తిరిగి మునుపటి పొడవుకు రాగలదు. అల్లిక ఎంత సాగినా, అందులో ఎలాస్టేన్ లేకపోతే గుడ్డ మునుపటి స్థితికి పూర్తిగా రాదు. నూటికి నూరు పాళ్లు నూలుతో అల్లిన టీషర్టు మధ్యాహ్నానికల్లా మోచేతుల దగ్గర, పొట్ట దగ్గర వేలాడటం అందుకే.

నేసిన గుడ్డలో ఎలాస్టేన్ సాధారణంగా రెండు మూడు శాతం మాత్రమే ఉంటుంది, అది కూడా ఎక్కువగా అడ్డంగా మాత్రమే సాగుతుంది. స్ట్రెచ్ డెనిమ్ ఇందుకు ఉదాహరణ. అల్లిన జెర్సీలో అయిదు శాతం దాకా, ఈతదుస్తుల్లో, వ్యాయామపు దుస్తుల్లో ఇంకా ఎక్కువగా ఉంటుంది. అయినా ఎలాస్టేన్ శాతమే గుడ్డ సాగే శాతం కాదు. ఆ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే రెండు శాతం అని చూసి ఈ గుడ్డ సాగదనుకునేవారూ, స్ట్రెచ్ అన్న మాట ఒక్కటి చూసి ఎంతైనా సాగుతుందనుకునేవారూ ఉన్నారు.

మీ దగ్గరున్న వస్త్రంతో పరీక్షించడం సులువు. కుట్టుకు దూరంగా, గుడ్డను అడ్డంగా పట్టుకొని 10 సెంటీమీటర్లకు గుర్తులు పెట్టండి. బలవంతం చేయకుండా హాయిగా సాగినంత వరకు లాగి ఎంత వచ్చిందో చూడండి. 15 వస్తే ఆ గుడ్డ 50 శాతం సాగుతుంది, 12 వస్తే 20 శాతం. తర్వాత అలాగే ఒక నిమిషం పట్టుకొని వదలండి. 10కి తిరిగి వస్తే మంచి గుడ్డ. 10.5 దగ్గర ఆగిపోతే ఒక రోజు తొడిగేసరికి వదులైపోతుంది. కొనబోయే వస్త్రం చేతిలో ఉండదు కనుక, దాని వివరాల్లోని పోగుల శాతాన్నీ, అల్లికా నేతా అన్న సంగతినీ చూసి, అలాంటిదే మీ బీరువాలో ఏదైనా ఉంటే దాని మీద ఈ పరీక్ష చేయాలి. పోల్చడానికి ఏదీ లేకపోతే తక్కువ సాగుతుందనే లెక్క వేసుకోండి.

ఇక అసలు విషయం. గుడ్డ 50 శాతం సాగుతుందంటే ఆ యాభై శాతాన్నీ వాడుకోవచ్చని కాదు. శరీరం మీద ఉండగా సాగే శాతంలో సగానికి మించి ఖర్చు చేయకపోవడం క్షేమం. అది దాటితే గుడ్డ పల్చబడి లోపలివి కనిపిస్తాయి, అచ్చు వేసిన బొమ్మలు సాగి రంగు వెలిసినట్టు అవుతాయి, కుట్లు పటపటమంటాయి. అడ్డంగా సాగిన అల్లిక నిలువుగా కుదించుకుపోతుంది కూడా. బిగుతైన టాపు పొడవు తగ్గి పైకి ఎక్కిపోవడానికి ఇదే కారణం, కాబట్టి అక్కడ పొడవైనది కొనడం కంటే వెడల్పైనది కొనడమే పరిష్కారం.

గుడ్డ సాగినా వస్త్రం సాగకపోవచ్చు. లోపల సాగని లైనింగ్ వేసి ఉంటే గౌను ఆ లైనింగ్ మేరకే సాగుతుంది. జిప్పు, బొత్తాల పట్టీ, గట్టి గుడ్డ వేసిన నడుము పట్టీ, మెడ చుట్టూ మామూలు కుట్టు ఇవేవీ సాగవు. వివరాల్లో లైనింగ్ అని కనిపిస్తే దాని పోగుల శాతం కూడా చదవండి. అది నూటికి నూరు పాళ్లు పాలిస్టర్ అయి, అల్లికో నేతో చెప్పకపోతే సాగనిదిగానే భావించండి.

ఒక ఉదాహరణను లెక్కవేసి చూద్దాం

ఒకామె కొలతలు సెంటీమీటర్లలో ఇలా ఉన్నాయనుకుందాం. పై ఛాతీ 108, పూర్తి ఛాతీ 120, నడుము 106, తుంటి 128, కూర్చున్నప్పుడు తుంటి 133, జబ్బ 43, తొడ 74. ఆమె చూస్తున్న బ్రాండు శరీర కొలతల చార్టు ప్రకారం 20Wకు ఛాతీ 122, నడుము 104, తుంటి 127. 22Wకు ఛాతీ 127, నడుము 109, తుంటి 132. ఛాతీని బట్టి ఆమె 20W, నడుము, తుంటి బట్టి 22W.

మొదట సాగని నూలు చొక్కా చూద్దాం. అది తుంటి కిందికి దిగేది, పక్కన చీలికలు లేవు. అలాంటప్పుడు తుంటి మాటే చెల్లుతుంది కనుక 22W. వస్త్రపు కొలతల్లో ఛాతీ సగం 68 అని ఉంది, అంటే చుట్టుకొలత 136, వెసులుబాటు 16. బాగుంది. తుంటి సగం 70, అంటే 140. నిలబడితే 12, కూర్చుంటే 7 మిగులుతుంది. ఇదీ పరవాలేదు. చేతి పైభాగం సగం 22.5, అంటే 45. ఆమె జబ్బ 43. మిగిలేది 2 మాత్రమే, సాగని గుడ్డకు ఇది చాలదు. చేయి మడిస్తే పట్టేస్తుంది. 24Wకు పోతే చేయి కొద్దిగా పెరుగుతుంది గానీ, పై ఛాతీ 108 ఉన్న ఆమెకు భుజాలు మరింత జారిపోతాయి. కనుక ఇక్కడ సైజు మార్చడం కంటే చొక్కానే మార్చాలి. వెడల్పైన చేతులున్నది, లేదా చేతుల భాగం మాత్రం అల్లిన గుడ్డతో కుట్టినది వెతకాలి. ఇదే చొక్కా తుంటి పైనే ఆగేదైతే, లేక పక్కన చీలికలుంటే, తుంటిని వదిలేసి 20W గురించి ఆలోచించవచ్చు. అప్పుడు జబ్బ మరింత ఇరుకవుతుంది గనుక ఆ చొక్కాను ఎలాగూ వదులుకోవలసిందే.

రెండవది విస్కోస్ 95, ఎలాస్టేన్ 5 శాతం ఉన్న జెర్సీ టాపు, 2X. పరచిన కొలతల ప్రకారం ఛాతీ చుట్టూ 110, తుంటి చుట్టూ 116, చేతి పైభాగం చుట్టూ 37. అన్నీ ఆమె శరీరం కంటే తక్కువే, అయినా ఇది తప్పు కాదు. ఆమె దగ్గరున్న అలాంటి జెర్సీ 50 శాతం సాగుతోంది, కాబట్టి 25 శాతం వరకు వాడుకోవచ్చు. ఛాతీకి కావలసింది 110 మీద 10, అంటే సుమారు 9 శాతం. కూర్చున్న తుంటికి 116 మీద 17, అంటే 15 శాతం. జబ్బకు 37 మీద 6, అంటే 16 శాతం. అన్నీ హద్దులోనే ఉన్నాయి, టాపు ఎక్కుతుంది, కదలడానికీ వీలుంటుంది. అయితే ఇది ఒంటికి అంటుకొనే ఉంటుంది. పొట్ట మీద అంటుకోకుండా ఉండాలనుకుంటే ఆమె 3X తీసుకోవాలి, అది సరిపోవడం కాదు, అభిరుచి విషయం.

మూడవది నూలు 98, ఎలాస్టేన్ 2 శాతం ఉన్న జీన్స్. ఆమె దగ్గరున్న ఇలాంటి డెనిమ్ 10 నుంచి 12కు సాగింది, అంటే 20 శాతం, వాడుకోగలిగింది 10. తుంటి దగ్గర వస్త్రం 124 ఉంది, కూర్చుంటే కావలసింది 133, అంటే 7 శాతం. తొడ దగ్గర వస్త్రం 70, కావలసింది 74, అంటే 6 శాతం. రెండూ సరిపోతాయి. నడుము పట్టీ మాత్రం గట్టి గుడ్డ వేసి కుట్టినది కనుక దానికి సాగే లెక్క వర్తించదు. ఆ జీన్స్ అసలు నడుముకు ఎంత కిందుగా కూర్చుంటుందో వివరాల్లో చూసి, తన శరీరం మీద సరిగ్గా ఆ చోట, కూర్చొని, టేపు చుట్టి చూసుకోవాలి. ఆ అంకె పట్టీ కొలత కంటే ఎక్కువైతే మిగతా లెక్కలన్నీ సరిపోయినా ఆ జీన్స్ కూర్చోనివ్వదు. అప్పుడు పట్టీ వెనుక భాగంలో ఎలాస్టిక్ వేసిన జీన్స్‌ను ఆమె వెతుక్కోవడం మంచిది.

ఆరవ అడుగు: వచ్చిన తర్వాత పరీక్ష

ట్యాగు తీయకుండా, ఉతకకుండా ముందుగా వస్త్రాన్ని బల్ల మీద పరచి కొలవండి. చెప్పిన కొలతకు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా కుట్టులో సహజంగానే వస్తుంది. సైజు గుర్తు సరైనదే ఉన్నా కొలత అంతకు మించి తేడాగా ఉంటే ఆ ఒక్క వస్త్రమే తప్పుగా కుట్టి ఉండవచ్చు, అదే సైజులో మరొకటి అడగవచ్చు.

తర్వాత తొడుక్కొని రెండు చేతులూ ముందుకు చాచండి, పైకి ఎత్తండి, కూర్చోండి. గుడ్డ మీద పడే ముడతలు ఎక్కడ చోటు చాలలేదో చెబుతాయి. పొట్ట మీదుగానో తుంటి మీదుగానో అడ్డంగా గీతలు పడితే అక్కడ చుట్టుకొలత చాలలేదు. రొమ్ము నుంచి చంక వైపు ఏటవాలుగా పడితే ఛాతీ దగ్గర గుడ్డ చాలలేదు. బొత్తాల మధ్య పట్టీ నోరు తెరుస్తోందేమో కూర్చున్నప్పుడు కూడా చూడాలి, నిలబడినప్పుడు మూసుకొని ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. చేయి ఎత్తినప్పుడు మొత్తం చొక్కా పైకి లేస్తే తప్పు పొడవులో కాదు, చంక దగ్గర లేదా జబ్బ దగ్గర ఉంది. సాగే గుడ్డ అయితే ఒక అరగంట ఇంట్లోనే తొడుక్కొని తిరిగి, విప్పిన తర్వాత మళ్లీ పరచి కొలవండి. మోకాళ్ల దగ్గర, నడుము దగ్గర అది పెరిగి ఉంటే ఉతికిన తర్వాత తాత్కాలికంగా మళ్లీ బిగిసినా, రోజూ అదే జరుగుతుంది.

ఉంచుకున్న వస్త్రం కొలతలను బ్రాండు, సైజు, పోగుల శాతంతో పాటు ఒక చోట రాసుకోండి. అదే బ్రాండులో మరోసారి కొనేటప్పుడు చార్టు కంటే ఈ కాగితమే నమ్మదగినది, ఎందుకంటే అందులో ఉన్నది మీ ఒంటి మీద నిలిచిన వస్త్రపు కొలత. ఎలాస్టేన్ వేడికీ, క్లోరిన్‌కూ దెబ్బతింటుంది కనుక, వేడిగా ఆరబెట్టిన, బ్లీచు తగిలిన పాత దుస్తుల కొలతలను మాత్రం ఈ జాబితాలోకి తీసుకోకూడదు. అవి కొన్ననాటి కంటే వదులై ఉంటాయి, ఆ కొలతలు చూసి కొన్న కొత్తవి పెద్దవైపోతాయి. శరీరపు కొలతలను కనీసం ఆరు నెలలకు ఒకసారి, లేదా బ్రా మార్చినప్పుడల్లా కొత్తగా తీయాలి.